2024-25 వార్షిక నివేదిక: రోజువడ్డీ, ఒక నోటు పుస్తకం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గులు, పదో తరగతి పిల్లలకు సన్మానం ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు మీరందరూ చూసినవే. లెక్కలు కోశాధికారి గారు సభలో చదువుతారు. ఈసారి నేను రాయాలనుకున్నది చెన్నై కోయంబేడు మార్కెట్టులో సరుకు కొని అమ్మే ఆడవాళ్ల రోజువడ్డీ అప్పుల విషయంలో మన సంఘం చేసిన పని గురించే. ఎందుకంటే మొదటి ఏడాది అందులో మనం తప్పు చేశాం.

వ్యాసర్‌పాడి వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఆడవాళ్లలో కొందరు తెల్లవారుజామున మూడింటికి షేర్ ఆటోలో కోయంబేడు మార్కెట్టుకు వెళ్లి ఆకుకూరలు కొంటారు. వాటిని తెచ్చి మధ్యాహ్నం దాకా వీధిలో అమ్ముతారు. వాళ్లలో ఒకామె లెక్క చెబుతాను. పేరు రాయొద్దంది. పొద్దున వడ్డీ మనిషి దగ్గర 2,000 తీసుకుంటుంది, సాయంత్రం 2,100 ఇస్తుంది. ఆటో, మూట కూలీ పోగా సరుకు మీద 350 మిగులుతుంది. అందులో 100 వడ్డీకి పోతే ఇంటికి వచ్చేది 250. పక్కనే గోనె పరుచుకుని అదే పాలకూర అమ్మే ఇంకొకామెకు సొంత 2,000 ఉంది. ఆమె ఇంటికి 350 తీసుకెళ్తుంది. ఇద్దరిదీ అదే చాకిరి, అదే ఎండ. తేడా ఆ 2,000 ఎవరిది అన్నదే.

మరి ఆ 2,000 కూడబెట్టడం అంత కష్టమా? కాగితం మీద కాదు. రోజుకు 20 రూపాయలు తీసి సరుకులో కలిపితే, మర్నాడు అంత తక్కువ అప్పు చాలు. తగ్గిన వడ్డీ కూడా సరుకులోనే కలుపుతూ పోతే 37 రోజుల్లో వడ్డీ మనిషి అవసరమే ఉండదు. నేను మూడుసార్లు వేసి చూశాను, లెక్క సరైనదే.

ఈ లెక్క నమ్మే 2023లో పన్నెండు మంది అప్పు సంఘం డబ్బుతో ఒకేసారి తీర్చేశాం, ఇక బయటపడ్డట్టే అనుకుని. దీపావళి దాటేసరికి ఎనిమిది మంది మళ్లీ అదే మనిషి దగ్గర నిలబడ్డారు. సంఘంలో కొందరికి కోపం వచ్చింది, నాకూ బాధ కలిగింది. తర్వాత తెలిసింది, ఇది మనకొక్కరికే జరిగింది కాదని. డీన్ కార్లన్, సెంథిల్ ముల్లైనాథన్, బెంజమిన్ రాత్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు చెన్నైలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ చిరువ్యాపారుల అప్పులు ఇలాగే తీర్చి చూశారు. అక్కడా ఎక్కువమంది ఆరు వారాల్లోనే మళ్లీ అప్పు చేశారు. ఏడాది, రెండేళ్లు గడిచేసరికి అప్పు తీరినవాళ్లకూ తీరనివాళ్లకూ తేడా లేదు.

పేరు రాయొద్దన్న ఆమెనే అడిగాను. "తీర్చేశాం కదమ్మా, మళ్లీ ఎందుకు తీసుకున్నావు?"

"చిన్నోడికి జ్వరమొచ్చిందక్కా. మూడు రోజులు బయటికి పోలేదు. సరుకు డబ్బే మందులకైంది. అయినా ఆయన దగ్గర అస్సలు తీసుకోకపోతే, రేపు అవసరమొచ్చినప్పుడు ఇవ్వడు గదా."

ఆ రెండు మాటల్లోనే మనం చూడని సంగతి ఉంది. ఆమెకు ఉన్నది ఒకే సంచి. సరుకు డబ్బు అదే, ఆపద డబ్బూ అదే. జ్వరం వస్తే పెట్టుబడి కరిగిపోతుంది. ఇక రోజుకు 100 వడ్డీ అంటే అప్పు ఖరీదే కాదు, రేపు ఆపదలో తలుపు తెరిచి ఉంచడానికి కట్టే రుసుము కూడా. బ్యాంకులో అయితే నెలకు నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా 2,000కు నెలంతా 20 రూపాయలే. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి పథకంలో మొదటి అప్పు అప్పట్లో 10,000. మనవాళ్లలో ఇద్దరు తీసుకున్నారు కూడా. కానీ అందులో కాగితాలు కావాలి, నెల కిస్తీ తప్పకూడదు. బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి అది చేతికి అందదు.

కష్టానికీ ఉచ్చుకూ తేడా ఎలా తెలుస్తుందో ఇక్కడే నేర్చుకున్నాను. ఒక దెబ్బ తగిలాక రెండు నెలలు ఆగి చూడాలి. ఇల్లు తనంతట తాను మునుపటి చోటికి వస్తే అది కష్టకాలం. కింద మెట్టు మీదే ఉండిపోతే ఉచ్చు.

అందుకని ఈ ఏడాది పద్ధతి మార్చాం. అప్పు తీర్చడం మానేశాం. చేరిన పదకొండు కుటుంబాలూ రోజుకు 20 చొప్పున సొంత సరుకు డబ్బు పెంచుకున్నాయి. ఆపదకు మాత్రం సంఘం విడిగా డబ్బు పెట్టింది. ఫోన్ చేస్తే అదే రోజు 1,500 దాకా వడ్డీ లేకుండా ఇచ్చి, కోలుకున్నాక రోజుకు 20 వెనక్కి తీసుకుంటాం. పద్నాలుగు సార్లు ఇచ్చాం, అందులో తొమ్మిది జ్వరాలకే. ఏడాది చివరికి ముగ్గురు వడ్డీ మనిషి దగ్గరికి తిరిగి వెళ్లారు. ఒకరి భర్తకు కాలు విరిగింది, దానికి 1,500 ఏ మూలకు? పదకొండు కుటుంబాలతో గట్టిగా చెప్పడానికి లేదు. పైగా చేరినవాళ్లు మొదటి నుంచీ జాగ్రత్తగా ఉండేవాళ్లే కావచ్చు. అది మనసులో పెట్టుకునే ఈ అంకెలు చదవండి.

ఇక నోటు పుస్తకం సంగతి. పేరు రాయొద్దన్న ఆమె పెద్దమ్మాయి అప్పుడు ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి. సాయంత్రం క్లాసులో లెక్కల నోటు తిరగేస్తుంటే నవంబర్ 12 తర్వాత పేజీలో డిసెంబర్ 9 కనిపించింది. మధ్యలో వానలు, వాళ్లమ్మకు జ్వరం. ఆ నాలుగు వారాలు గోనె మీద కూర్చున్నది ఈ పిల్లే. వేళ్లకు కొత్తిమీర పసరు. బీజగణితం మొదలుపెట్టింది ఆ వారాల్లోనేనట. డిసెంబర్ 9 నుంచి పేజీల నిండా బోర్డు మీది లెక్కలు చూసి రాసినవే, తను చేసినది ఒక్కటీ లేదు. వాళ్లమ్మ అయిదో తరగతిలో బడి మానేసిందీ ఇలాగే. అప్పుడు ఆమె తల్లికి టీబీ.

నాలుగు వారాలు పోతే ఏమైందిలే అనిపిస్తుంది. కానీ ఈ పిల్ల తొమ్మిదిలో వెనకబడి, పదిలో ఆగిపోతే పోయేది మార్కులే కాదు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి వెళ్లిన ఆడపిల్లకు తమిళనాడు ప్రభుత్వం 2022 నుంచి పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 ఇస్తోంది. మూడేళ్ల డిగ్రీకి 36,000. మధ్యలో ఆగిపోయిన పిల్లకు ఆ తలుపే కనిపించదు. ఆమెకూ మిగిలేది గోనె, 2,000 అప్పు, ఒకే సంచి. రేపు తనకు జ్వరమొస్తే ఆ గోనె మీద కూర్చునేది తన కూతురు.

జనవరి నుంచి "బదులు మనిషి" ఏర్పాటు చేశాం. తల్లికి ఒంట్లో బాగాలేని రోజున ఆ వీధిలోనే ఖాళీగా ఉన్న పెద్దావిడ ఒకరు గోనె దగ్గర కూర్చుంటారు. పూటకు 250 సంఘం ఇస్తుంది. మార్చి ఆఖరు దాకా 31 పూటలకు 7,750 అయింది. ఆ మూడు నెలల్లో తల్లి జ్వరం వల్ల బడి మానిన పిల్ల ఒక్కరూ లేరు. మనం చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఇందులో అప్పు లేదు, తిరిగి కట్టే టెన్షన్ లేదు.

సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఆపద డబ్బు పరిమితి 1,500 నుంచి 4,000కు పెంచాలి. బదులు మనిషి ఖర్చుకు ఏడాదికి 30,000 విడిగా కేటాయించాలి, అవసరమైతే ఉగాది వేదిక అలంకరణ తగ్గించి అయినా సరే. శనివారాలు లెక్కలు చెప్పడానికి ఇద్దరు కావాలి. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది, బీజగణితం మొదటి నుంచి మళ్లీ చేస్తోంది.

ఇట్లు,
కార్యదర్శి