వేడి నీటి పంపు ఇంపెల్లర్‌కు వారంటీ నిరాకరించడంపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

మీరు సరఫరా చేసిన వేడి నీటి పంపు ఇంపెల్లర్ ఏడాది తిరక్కుండానే పాడైంది. నీళ్లలో ఇసుక వల్ల అరిగిందంటూ మీరు వారంటీ ఇవ్వనన్నారు. దీన్ని మేం ఒప్పుకోవడం లేదు. ఇసుక కోస్తే లోహం నున్నగా, నీరు పారిన దారిలో చారలు పడి అరుగుతుంది. మా ఇంపెల్లర్‌లో వేన్లు మొదలయ్యే చోట, ఒత్తిడి తక్కువగా ఉండే వైపు మాత్రమే గరుకుగా గుంటలు పడ్డాయి. పంపు నడిచేటప్పుడు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఇది కావిటేషన్. ఒత్తిడి పడిపోయిన చోట నీరు ఆవిరి బుడగలుగా మారి, కాస్త ముందుకెళ్లి ఒత్తిడి పెరగగానే ఆ బుడగలు పగిలి లోహాన్ని కొట్టేస్తాయి.

దీనికి కారణం మీ సెలెక్షన్ షీట్‌లోనే ఉంది. నీరు 60 డిగ్రీలని మేం ఆర్డర్‌లో స్పష్టంగా రాశాం. మీరు 30 డిగ్రీల నీటికి లెక్క కట్టి, సక్షన్ వైపు 6.1 మీటర్ల ఎన్‌పీఎస్‌హెచ్ దొరుకుతుందని చూపించారు. అసలు లెక్క ఇదీ: వాతావరణ పీడనం 60 డిగ్రీల నీటిలో సుమారు 10.5 మీటర్లు. అందులోంచి ఆవిరి పీడనం 2.1, సక్షన్ లిఫ్ట్ 2, ఫుట్ వాల్వ్, పైపుల నష్టం 1.8 తీసేస్తే మిగిలేది 4.6 మీటర్లు. గంటకు 60 ఘనమీటర్ల దగ్గర పంపుకు కావలసింది 4.4 అని మీ కర్వే చెబుతోంది.

0.2 మీటర్లు మిగిలాయి కదా అంటారేమో. కర్వ్‌లో ఇచ్చే ఆ అంకె, కావిటేషన్ వల్ల హెడ్ అప్పటికే 3 శాతం పడిపోయిన స్థితిది. అంటే బుడగలు అంతకుముందే మొదలవుతాయి. ఈ మార్జిన్‌తో ఏ ఇంపెల్లరూ నిలవదు.

చప్పుడు తగ్గడానికి సక్షన్ వాల్వ్ కొంచెం మూయమని మీ టెక్నీషియన్ చెప్పారు. ఇది చాలా తప్పు సలహా, దయచేసి ఇంకెవరికీ ఇవ్వనివ్వకండి. సక్షన్‌లో అడ్డు పెడితే ఒత్తిడి ఇంకా పడిపోతుంది. మేం డెలివరీ వాల్వ్‌నే తగ్గించి ప్రవాహాన్ని 48 ఘనమీటర్లకు తెచ్చాం. పైపు నష్టం 1.2కు దిగింది, పంపుకు కావలసింది 3.2కు తగ్గింది, మార్జిన్ 2 మీటర్లకు చేరింది. చప్పుడు ఆగింది. కానీ మాకు 60 ఘనమీటర్లు కావాలి, పంపు కొన్నది అందుకే.

స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంపెల్లర్ తగ్గింపు ధరకు ఇస్తామన్నారు. అది ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుందేమో గానీ బుడగలు ఆగవు. మాకు కావలసింది 60 డిగ్రీల లెక్కతో ఎంచిన, తక్కువ వేగంతో నడిచే పంపు. లేదా సక్షన్ పైపును 100 నుంచి 125 మిల్లీమీటర్లకు, ఫుట్ వాల్వ్‌తో సహా, మీ ఖర్చుతో మార్చండి. నష్టం దాదాపు మూడో వంతుకు దిగి మార్జిన్ 1.4 మీటర్లు అవుతుంది. ఏ దారైనా పాడైన ఇంపెల్లర్‌ను వారంటీ కింద ఉచితంగా మార్చాలి. సరిచేసిన సెలెక్షన్ షీట్‌తో పాటు 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేదంటే వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో, చట్టం వీలు కల్పించిన చోట కేసు వేస్తాం.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇంజినీర్

జతపరిచినవి: ఇంపెల్లర్ ఫోటోలు, ఆర్డర్ కాపీ, మీ సెలెక్షన్ షీట్