ఐదో నిమిషంలో పడాల్సిన ఇంజెక్షన్: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యురాలిని. ఫిట్స్‌ను ఆపడానికి అంబులెన్సుల్లో తప్పనిసరిగా ఉండాల్సిన మిడజోలం అనే మందు గురించి, దాన్ని ఎంత ఇవ్వాలన్న దాని గురించి రాస్తున్నాను.

ఫిట్స్ చాలామందిలో రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, మధ్యలో స్పృహ రాకుండానే మళ్లీ మళ్లీ వస్తున్నా దాన్ని స్టేటస్ ఎపిలెప్టికస్ అంటాం. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌కు అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2015లో రెండు గడువులు చెప్పింది. ఐదో నిమిషం దాటితే మందు మొదలుపెట్టాలి. ముప్పయ్యో నిమిషం దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంది.

ఆలస్యమైతే మందు ఎందుకు పనిచేయదో చెప్పాలి. మెదడు కణాల ఉద్రేకాన్ని అణిచే రసాయనం గాబా. కణాల పైపొర మీద దాని కోసం గ్రాహకాలు ఉంటాయి. మేము మొదట ఇచ్చే మిడజోలం, లోరజెపాం, డయజెపాం వాటి ద్వారానే పనిచేస్తాయి. ఫిట్స్ సాగుతున్నకొద్దీ కణాలు ఆ గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటాయి. ఉద్రేకాన్ని పెంచే గ్రాహకాలేమో పైకి వచ్చి చేరతాయి. తాళమే ఊడిపోయాక తాళంచెవి చేతిలో ఉండి ఏం లాభం?

ఒక యువతి విషయం చెబుతాను. బరువు సుమారు యాభై అయిదు కిలోలు. ఫిట్స్ మొదలైన ఎనిమిదో నిమిషానికే అంబులెన్సు వచ్చింది. సిబ్బంది నరం కోసం వెతికారు. కొట్టుకుంటున్న చేతిలో సూది నిలవలేదు. నరం దొరికేసరికి పదిహేడో నిమిషం. ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయంతో మిడజోలం 2 మిల్లీగ్రాములే ఇచ్చారు. నరం కోసం ఆగకుండా అదే మందు 10 మిల్లీగ్రాములు తొడ కండరంలోకి ఇచ్చి ఉండవలసింది.

మా దగ్గరకు వచ్చేసరికి అరగంట దాటింది. ఆక్సిజన్ పెట్టాం, రక్తంలో చక్కెర చూశాం, లోరజెపాం 4 మిల్లీగ్రాములు ఇచ్చాం. ఆగలేదు. ఫిట్స్‌ను ఆపే మరో మందు లెవెటిరసెటాం కిలోకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించాం. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగింది, పక్కనున్నవారు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆమె కళ్లు ఒకవైపే నిలిచిపోయాయి, కుడి పెదవి మూల సన్నగా అదురుతోంది. మెదడులోని విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ పెడితే లోపల ఫిట్స్ సాగుతూనే ఉన్నాయి. శ్వాసనాళంలోకి గొట్టం వేసి, వెంటిలేటర్ మీద ఉంచి, ప్రొపొఫాల్‌తో మత్తు ఇవ్వాల్సి వచ్చింది. ఆమె బతికింది. అయితే చెప్పిన మాట కాసేపటికి గుర్తుండని స్థితిలో ఇంటికి వెళ్లింది. తొలి ఇంజెక్షన్ సకాలంలో పడి ఉంటే ఇదంతా తప్పేదని కచ్చితంగా చెప్పలేను. తప్పే అవకాశాన్ని మాత్రం మనం ఆమెకు ఇవ్వలేదు.

ఊపిరి భయం అర్థం లేనిది కాదు. ఈ మందులు శ్వాసను మందగింపజేయగలవు. కానీ ఆగని ఫిట్స్ అంతకంటే ఎక్కువగా శ్వాసను దెబ్బతీస్తాయి. అంబులెన్సుల్లోనే జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో శ్వాస, రక్తప్రసరణ సమస్యలు, అసలు మందు ఇవ్వనివారిలో సుమారు 22 శాతం మందికి వస్తే, లోరజెపాం ఇచ్చినవారిలో 11 శాతం లోపే వచ్చాయి.

2012లో వెలువడిన ర్యాంపార్ట్ అధ్యయనం కండరంలోకి ఇచ్చే మిడజోలాన్ని, నరంలోకి ఇచ్చే లోరజెపాంతో పోల్చింది. నరంలోకి వెళ్లిన మందు త్వరగానే పనిచేసింది, కానీ దాన్ని ఇవ్వడానికే ఐదు నిమిషాలకు దగ్గరగా పట్టింది. కండరంలోకి ఒక నిమిషం పైచిలుకులో ఇచ్చేశారు. మరో మందు అవసరం లేకుండా, ఫిట్స్ ఆగిన స్థితిలో ఆసుపత్రి చేరినవారు కండరం వైపు 73 శాతం, నరం వైపు 63 శాతం. పైగా లోరజెపాంను ఫ్రిజ్‌లో ఉంచాలి, మిడజోలానికి ఆ బాధ లేదు.

ఆసుపత్రిలో ఎటూ చూసుకుంటారు కదా అని మీ అధికారులు అనవచ్చు. మొదటి మందుకు లొంగని ఫిట్స్‌కు రెండో వరుసలో లెవెటిరసెటాం, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్ ఉన్నాయి. 2019లో ఈ మూడింటినీ పోల్చి చూస్తే ఏదీ సగం మందిలో కూడా ఫిట్స్‌ను ఆపలేకపోయింది. ఆ తరువాత మిగిలేది మత్తు, వెంటిలేటరే.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి అంబులెన్సులో మిడజోలం ఉంచండి. సిబ్బంది చేరేసరికి ఫిట్స్ ఐదు నిమిషాలు దాటి ఉంటే నరం కోసం ఆగకుండా కండరంలోకి ఇవ్వాలని, 40 కిలోలు దాటినవారికి 10 మిల్లీగ్రాములు, 13 నుంచి 40 కిలోల పిల్లలకు 5 మిల్లీగ్రాములు ఒకేసారి ఇవ్వాలని లిఖితపూర్వకంగా ఆదేశించండి. శ్వాస తగ్గితే ముఖానికి పట్టడానికి మాస్కు, గాలి పంపే సంచి సూది వేసే సిబ్బంది చేతికి అందేలా ఉండాలి. ఫిట్స్ మొదలైన సమయం, సూది వేసిన సమయం, ఇచ్చిన మోతాదు, ఈ మూడూ రోగితోపాటు మాకు రాసి పంపాలి. ఆ కాగితం లేకపోతే మేము మళ్లీ మొదటి మందు దగ్గర నుంచే మొదలుపెడుతున్నాం.

ఇట్లు,
అత్యవసర విభాగంలో పనిచేసే ఒక వైద్యురాలు