ఫోన్ చేయకుండానే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసి వెనక్కి పంపిన పార్సిళ్ల గురించి

గుంటూరు,
జూలై 4

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: జూన్ నెలలో క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లపై తప్పుడు రిమార్కులు, వాటికి వసూలు చేసిన రిటర్న్ చార్జీలు

అయ్యా,

నేను గుంటూరులో ఇంటి నుంచే మంగళగిరి చీరలు అమ్ముతాను. రెండేళ్లుగా నా పార్సిళ్లన్నీ మీ కొరియర్‌లోనే వెళ్తున్నాయి. జూన్‌లో 140 క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు పంపితే 31 వెనక్కి వచ్చాయి. మీ ప్యానెల్‌లో చూస్తే దాదాపు అన్నిటికీ ఒకటే కారణం: కస్టమర్ ఫోన్‌కు దొరకలేదు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకుందామని 31 మందికీ నేనే ఫోన్ చేశాను. అందులో తేలిన విషయాలే ఈ లేఖలో రాస్తున్నాను.

ముందుగా నా వైపు సంగతి చెప్పాలి. ఊరికే ఆర్డర్ పెట్టి ఫోన్ ఆపేసేవాళ్లు ఉన్నారని నాకు బాగా తెలుసు. జనవరిలో 118 పంపితే 39 తిరిగొచ్చాయి. అప్పటి నుంచి ఆర్డర్ రాగానే పార్సిల్ కట్టడం మానేశాను. మొదట వాట్సాప్‌లో కన్ఫర్మ్ చేయమని అడిగేదాన్ని, కానీ అది సరిపోలేదు. ‘ఎస్’ అని నొక్కడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు కదా. అందుకే ఇప్పుడు ఫోన్ చేసి, మీ ఇంటికి దగ్గర్లో గుడో బడో ఏముందని అడుగుతున్నాను. నిజంగా కొనేవాళ్లు వీధి మలుపుతో సహా చెప్పేస్తారు. సరదాకి పెట్టినవాళ్లు అక్కడే తడబడతారు. ఒకే నంబర్‌తో రెండు మూడు పేర్ల మీద ఆర్డర్లు వస్తే పంపను. రెండో ఫోన్ నంబర్ తప్పనిసరిగా తీసుకుంటాను. మే నుంచి వంద రూపాయలు అడ్వాన్స్ కూడా అడుగుతున్నాను, మిగతాది డెలివరీ అప్పుడు ఇస్తారు. దీనివల్ల కొన్ని ఆర్డర్లు పోయాయి, పోతే పోనీ అనుకున్నాను. వంద ముందే కట్టిన మనిషి పార్సిల్ వచ్చే రోజు మాయమైపోవడం అరుదు.

అయినా 31 వచ్చాయి. వీటిలో 11 మా వైపు తప్పే. మనసు మార్చుకున్నవాళ్లు, ఊరెళ్లినవాళ్లు, ఫోన్ ఆపేసినవాళ్లు. వాటి గురించి మిమ్మల్ని ఒక్క రూపాయి కూడా అడగను. ఇంకో ఆరుగురికి కాల్ వెళ్లింది కానీ వాళ్లు ఎత్తలేదు. మీ కుర్రాడి కాల్ అతని సొంత నంబర్ నుంచి కాకుండా మీ సిస్టమ్ నుంచి ఏదో తెలియని నంబర్‌తో వెళ్తుంది. కొందరి ఫోన్లలో అది స్పామ్ అని ఎర్రగా కనిపిస్తుంది, దాంతో లోన్ కాల్ అనుకుని కట్ చేస్తున్నారు. ఇందులో కుర్రాడి తప్పూ లేదు, కొన్నవాళ్ల తప్పూ లేదు.

మిగిలిన 14 మంది మాత్రం తమకు కాల్ రాలేదని, ఎవరూ ఇంటికి రాలేదని చెప్పారు. వాటిలో ఒకటి పూర్తిగా వివరిస్తాను.

సత్తెనపల్లిలో ఒక ఆవిడ 1,650 రూపాయల చీర ఆర్డర్ చేసి వంద అడ్వాన్స్ కట్టారు. 15వ తేదీన వాళ్ల చెల్లెలి గృహప్రవేశం. ఆవిడ కుట్టుపని చేస్తారు. ఇంటి ముందు గదే షాపు, బయట బోర్డు ఉంది, రాత్రి తొమ్మిది దాకా మిషన్ దగ్గరే ఉంటారు. 9న పార్సిల్ పంపాను. 11న ఉదయం 10:12కి డెలివరీకి బయలుదేరినట్టు ప్యానెల్‌లో కనిపించింది. రాత్రి 8:51కి ‘ఫోన్‌కు దొరకలేదు’ అని వచ్చింది. మర్నాడు ఉదయమే మళ్లీ ప్రయత్నించమని రాసి, ఆవిడ భర్త నంబర్, టైలర్ షాపు గుర్తు ఇచ్చాను. ఆ రాత్రి 8:49కి మళ్లీ అదే మాట. 13న రాత్రి 8:53కి ‘కస్టమర్ వద్దన్నారు’ అని రాసి రిటర్న్ పెట్టేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ మూడు రోజుల కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు ఇద్దరి ఫోన్ల నుంచీ తెప్పించాను. తెలియని నంబర్ నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 11న అదే బ్రాంచి నుంచి నావి ఇంకో రెండు పార్సిళ్లు వెళ్లాలి, ఒకటి ధూళిపాళ్లకు, ఒకటి ముప్పాళ్లకు. వాటికీ 8:51కి, 8:52కి అదే రిమార్కు పడింది. మూడు ఊళ్లలో ఒకే మనిషి రెండు నిమిషాల్లో ఎలా తిరుగుతాడు? అది బ్రాంచిలో కూర్చుని, రోజు ముగించడానికి మిగిలిన పార్సిళ్లన్నిటికీ ఒకేసారి కొట్టిన రిమార్కు. రాత్రిపూట గుంపుగా పడే రిమార్కులే దీనికి గుర్తు. నిజంగా ఇంటికి వెళ్లినవి పగలు, ఒకదానికొకటి ఎడంగా పడతాయి.

ఆ కుర్రాడిని శిక్షించమని రాయడం లేదు. ఒక్క పార్సిల్ కోసం పల్లెకు వెళ్లిరావాలంటే అతనికి పెట్రోలు కూడా గిట్టదేమో. అది మీరు, బ్రాంచి వాళ్లు చూసుకోవాల్సిన లెక్క. దాన్ని నా మీద వేయకండి.

చీర 24న తిరిగొచ్చింది. అట్టపెట్టె ఒక మూల నలిగింది, జరీ అంచు మీద అడ్డంగా మడత పడింది. మళ్లీ గంజి పెట్టించి ఇస్త్రీ చేయిస్తేగానీ అమ్మలేను. ఆవిడ అప్పటికే షాపులో వేరే చీర కొనుక్కున్నారు. అడ్వాన్స్ తిరిగి పంపుతూ నేనే క్షమాపణ చెప్పుకున్నాను. ఒక్కో పార్సిల్‌కు పంపడానికి 74, రాబట్టడానికి 68, మొత్తం 142 రూపాయలు మీరు పట్టుకున్నారు. 14 పార్సిళ్లకు 1,988 రూపాయలు. ఇస్త్రీ, ప్యాకింగ్ ఖర్చు దీనిలో కలపలేదు.

ఈ 14 పార్సిళ్లకు ఏ నంబర్‌కు ఎప్పుడు కాల్ వెళ్లింది, ఎన్ని సెకన్లు మోగింది, రిమార్కు కొట్టినప్పుడు కుర్రాడి ఫోన్ లొకేషన్ ఎక్కడుంది అన్నది మీ రికార్డుల నుంచి పంపండి. చూపించలేని వాటికి ఆ 1,988 నా వాలెట్‌లో జమ చేయండి. ఇకపై కాల్ రికార్డు లేకుండా ‘దొరకలేదు’ అనే రిమార్కు యాప్‌లో పడకూడదు. వద్దన్నారని రాయాలంటే కస్టమర్ చెప్పిన ఓటీపీ ఉండాలి. రిటర్న్ పెట్టేముందు నా జవాబు కోసం 24 గంటలు ఆగండి. డెలివరీ ఉదయమే కస్టమర్‌కు ఏ నంబర్ నుంచి కాల్ వస్తుందో మెసేజ్ పంపితే, పైన చెప్పిన ఆరుగురిలాంటివాళ్లు కూడా ఫోన్ ఎత్తుతారు.

14 ట్రాకింగ్ నంబర్లు, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు, ప్యానెల్‌లో రిమార్కులు పడిన సమయాలు జతచేశాను. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. అప్పటిదాకా సత్తెనపల్లి బ్రాంచి పరిధిలోని ఆర్డర్లను మీ ద్వారా పంపను. రేపు వెళ్లాల్సిన నాలుగు చీరలు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను.

ఇట్లు,
మీ సెల్లర్,
బ్రాడీపేట, గుంటూరు