172 బోర్డులు పెట్టారు, దారి మాత్రం చూపలేదు

ప్రాజెక్టు మేనేజర్ గారికి,

విషయం: మా ఆసుపత్రి ఆవరణలో మీ సంస్థ అమర్చిన దారి సూచిక బోర్డుల్లో లోపాలు, తుది బిల్లు నిలుపుదల.

అయ్యా,

మీ తుది బిల్లు అందింది. అందులో చూపిన 172 బోర్డులనూ స్వయంగా లెక్కపెట్టాను, సరిపోయాయి. ఫ్రేములు గట్టిగా ఉన్నాయి, రంగు వెలవలేదు. అయినా బిల్లు మీద సంతకం చేయలేదు. కారణం చెప్పడానికే ఈ లేఖ.

మీ బోర్డులు వచ్చాక మా గార్డులను దారి అడిగేవారు తగ్గుతారని ఆశించాం. లిఫ్టు దగ్గర ఉండే గార్డు మొన్న నాతో ఏమన్నాడంటే: "ఇదివరకు దారి అడిగేవారు సార్. ఇప్పుడు బోర్డు చూపించి దీని అర్థం ఏమిటని అడుగుతున్నారు." అతని మాట నిజమో కాదో తేల్చుకుందామని గత మంగళవారం ఒక చిన్న పరీక్ష పెట్టాను. మా అకౌంట్స్ ఉద్యోగి అత్తగారికి 61 ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు మొదలయ్యాయి, మా ఆసుపత్రికి ఎప్పుడూ రాలేదు. ఆమె చేతికి ఓపీ చీటీ ఇచ్చి, ఎవరినీ అడగకుండా సీటీ స్కాన్ గదికి వెళ్లమని కోరాం. తెలిసినవారికి అది నాలుగు నిమిషాల నడక. నేను మాట్లాడకుండా వెనకే నడిచాను. ఆమెకు 19 నిమిషాలు పట్టింది. ఆమె ఎక్కడెక్కడ ఆగిందో రాస్తున్నాను.

మొదట ఓపీ హాలు బయట ఉన్న పటం దగ్గర. 'మీరు ఇక్కడ ఉన్నారు' అన్న ఎర్ర చుక్కను ఆమె వెంటనే పట్టుకుంది. కొత్త బ్లాకు ఆ చుక్కకు కుడివైపున కనిపించింది, కుడికి తిరిగింది, క్యాంటీన్‌కు చేరింది. తప్పు ఆమెది కాదు. పటంలో ఉత్తరం పైన ఉంది, దాని ముందు నిలబడ్డ మనిషి ముఖం దక్షిణానికి ఉంది. పటంలో కుడి అన్నది ఆమెకు ఎడమ. నిలబడ్డవారి ఎదుట ఉన్నది పటంలో పైభాగాన రావాలి. అంటే ప్రతి చోటుకూ పటాన్ని ఆ చోటుకు తగ్గట్టు తిప్పి వేరుగా ముద్రించాలి. మీరు ఒకే పటాన్ని ఐదు ప్రతులు తీసి ఐదు చోట్ల బిగించారు, చుక్క ఒక్కటే మార్చారు.

రెండోది మందుల దుకాణం పక్కన మూడు దారులు కలిసేచోట. ఎటు తిరగాలో తేల్చుకోవలసిన చోటు అదే, అక్కడ బోర్డు లేదు. ఎడమ దారిలోకి ఆరు మీటర్లు వెళ్లాక గోడ మీద ఉంది. సరైన దారి పట్టినవారికే కనిపించే బోర్డు అన్నమాట! మీ మనుషులు ఎందుకలా పెట్టారో నాకు తెలుసు, అక్కడ గోడ ఖాళీగా ఉంది. కూడలిలో గోడ లేకపోతే పైకప్పు నుంచి వేలాడదీయాలి.

ఆ బోర్డును కూడలికి తెచ్చినా సగం పనే అవుతుంది, ఎందుకంటే ఓపీ వైపు నుంచి వచ్చేవారు దాన్ని 18 మీటర్ల దూరం నుంచి చదవగలగాలి. దాని మీద ఇంగ్లిషు పెద్దక్షరాల ఎత్తు 60 మిల్లీమీటర్లు, బాగుంది. తెలుగు అక్షరాన్ని కొలిస్తే 28 వచ్చింది. కంప్యూటర్‌లో రెండింటికీ ఒకే కొలత ఇచ్చామని మీ డిజైనర్ అన్నారు. ఇంగ్లిషు పెద్దక్షరానికి పైనా కిందా ఏమీ ఉండవు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు పట్టాలి కాబట్టి అదే కొలతలో అసలు అక్షరం కుంచించుకుపోతుంది. కంటి పరీక్షలో 6/6 ఉన్నవారు ఆరు మీటర్ల నుంచి చదవగలిగే చివరి అక్షరం సుమారు 9 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 18 మీటర్లకు 27 కావాలి. అంటే మీ తెలుగు అక్షరం చక్కని చూపు ఉన్నవారికి అతికష్టం మీద కనబడుతుంది. చూపు 6/12కు తగ్గినవారికి 54 కావాలి. కళ్ల ఆసుపత్రిలోని అక్షరాలు విడివిడిగా, నల్లగా ఉంటాయి. మన ప, ష, స మధ్య తేడా ఒక చిన్న గీతే, కాబట్టి 60కి తగ్గడానికి వీల్లేదు. ఒత్తులూ గుణింతాలూ తీసేసి, కేవలం 'ల' లాంటి అక్షరాన్ని స్కేలుతో కొలిచి ఆ 60 చూపించండి. వరుసల మధ్య ఎడం కూడా పెంచండి, 'శస్త్రచికిత్స' కింది ఒత్తులు తర్వాతి వరుసను తాకుతున్నాయి.

ఇక లిఫ్టు. డాక్టరు చీటీ మీద 'సీటీ స్కాన్' అని ఉంటుంది. గేటు దగ్గరి బోర్డు మీద 'రేడియాలజీ' అన్నారు, లిఫ్టు పక్క జాబితాలో 'ఇమేజింగ్' అన్నారు. ఆ పెద్దావిడ జాబితాను పైనుంచి కిందికి మూడుసార్లు చదివింది. ఇందులో సగం తప్పు మాదే, ఒప్పుకుంటాను. మూడు విభాగాలు మూడు పేర్లు ఇచ్చాయి. కానీ డ్రాయింగులకు ముందే పేర్ల జాబితా ఖరారు చేసి మాతో సంతకం తీసుకోవాలని ఒప్పందంలో ఉంది. ఆ కాగితం ఏనాడూ నా బల్ల మీదికి రాలేదు. చీటీ మీద ఏ మాట రాస్తామో గేటు నుంచి గది తలుపు దాకా అదే మాట ఉండాలి.

ఆఖరిది వంతెన. మా స్థలం ఏటవాలు కావడంతో పాత బ్లాకు రెండో అంతస్తు, కొత్త బ్లాకు మొదటి అంతస్తు ఒకే మట్టంలో ఉన్నాయి, వాటి మధ్యే వంతెన ఉంది. మీ జాబితాలో 'ఇమేజింగ్ – 1' అని మాత్రమే ఉంది, ఏ బ్లాకో లేదు. ఆమె పాత బ్లాకు లిఫ్టులో 1 నొక్కి ప్రసూతి వార్డులో దిగింది. అక్కడ ఒక నర్సు జాలిపడి చెయ్యి పట్టుకుని వంతెన దాటించింది. పరీక్ష అక్కడితో ముగిసింది. ప్రతి చోటా బ్లాకు అక్షరంతో కలిపి 'బి–1' అని రాయడం తక్షణ పరిష్కారం. ఆవరణ మొత్తానికి ఒక మట్టానికి ఒకే సంఖ్య ఇస్తే ఇంకా మేలు. కానీ దానికి లిఫ్టు బటన్లు, గదుల నంబర్లు కూడా మార్చాలి, ఆ ఖర్చు మాది కనుక మా పాలక మండలిని అడిగి చెబుతాను.

నాకు అదనంగా బోర్డులు అక్కర్లేదు. నా లెక్కలో కనీసం 30 తీసేయవచ్చు. మీరు చేయవలసింది ఇది: ముందు పేర్ల జాబితాకు సంతకం తీసుకోండి. తర్వాత ప్లాను మీద గేటు నుంచి నడుస్తూ, మనిషి ఆగి ఆలోచించే ప్రతి చోటా గుర్తు పెట్టండి. ఆ చోట్లకు కాగితం మీద అసలు కొలతతో ముద్రించి వారం రోజులు అంటించండి. కొత్తవారిని నడిపించి చూద్దాం, తప్పిన చోట కాగితం మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ తర్వాతే స్టీలు కోయండి. ఈ సవరణలు మీ ఖర్చుతో జరగాలి. అవి పూర్తయ్యేదాకా తుది బిల్లు, దానితోపాటు ఒప్పందం ప్రకారం నిలిపిన పది శాతం సొమ్ము రెండూ నా దగ్గరే ఉంటాయి.

వచ్చే గురువారం ఉదయం పది గంటలకు, ఓపీ రద్దీ వేళలో మీ డిజైనర్‌ను పంపండి. ఆయన ఇంతవరకు మా ఆసుపత్రికి రాలేదని, ఫొటోలు చూసి పని చేశారని తెలిసింది. ప్రధాన గేటు దగ్గర దిగాక నాకు ఫోను చేయవద్దని, గార్డులను అడగవద్దని చెప్పండి. నేను సీటీ స్కాన్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటాను.

ఇట్లు,
భవనాల నిర్వహణ అధికారి