ధర తప్పు పడింది సరే, ఆ తప్పుకు డబ్బు ఎవరు కట్టాలి?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాకినాడలో ఉంటాను. మా ఇంట్లో పదకొండేళ్లు తిరిగిన వాషింగ్ మెషీన్ దసరా ముందు మూలనపడింది. పండగ సేల్‌లో ఒక ఆన్‌లైన్ సైట్‌లో ఏడు కిలోల మెషీన్ 14,990 రూపాయలకు కనిపించింది. అదే మోడల్ మా ఊరి షాపులో 17,500 చెప్పారు. పండగ ఆఫర్ కదా, రెండున్నర వేలు తగ్గడం వింతేమీ కాదనుకుని, శనివారం రాత్రి క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టి కొన్నాను. నిమిషంలోపే ‘మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది, బుధవారం డెలివరీ’ అని మెసేజ్ వచ్చింది. సోమవారం ‘ప్యాక్ అయింది’ అన్నారు. మంగళవారం పాత మెషీన్‌ను పాత ఇనప సామాన్ల అతనికి 900 రూపాయలకు ఇచ్చేశాం. కొత్తది పెట్టడానికి చోటు కావాలి కదా.

బుధవారం మెషీన్ రాలేదు, మెయిల్ వచ్చింది. ధర నమోదులో పొరపాటు జరిగినందున ఆర్డర్ రద్దు చేస్తున్నామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని రాశారు. అప్పటికి సేల్ అయిపోయింది. అదే సైట్‌లో, అదే అమ్మకందారు, అదే మెషీన్‌ను 18,290కి అమ్ముతున్నాడు. అంటే నా చేతికి 3,300 తేడా. డబ్బు ఆరు రోజులకు కార్డులో జమయింది, కానీ ఈఎంఐ ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 234 రూపాయల 82 పైసలు మాత్రం వెనక్కి రాలేదు. అది బ్యాంకుది, మాకు సంబంధం లేదని సైట్ అంటుంది. సేవ అందించేశాం కదా అని బ్యాంకు అంటుంది.

ధర తప్పు పడటం అనేది ఉండదని నేను వాదించడం లేదు. రాత్రిపూట ఎవరో ఒక సున్నా మరిచిపోవచ్చు. సింగపూర్‌లో ఒక సైట్ 3,854 డాలర్ల ప్రింటర్‌ను పొరపాటున 66 డాలర్లకు పెడితే, ఆరుగురు కలిసి అర్ధరాత్రి దాటాక 1,606 ప్రింటర్లు ఆర్డర్ చేశారు. తప్పని తెలిసే ఎగబడ్డారని 2004లో అక్కడి కోర్టు ఆ ఒప్పందాలను కొట్టేసింది. అది న్యాయమే. మన దగ్గర ఒడిశాలో 2014లో 23,499 రూపాయల లాప్‌టాప్‌ను 190కి బుక్ చేసిన ఒక లా విద్యార్థి కేసు వేరే దారి పట్టింది. ఆర్డర్ ఖాయం చేసి కాసేపటికే రద్దు చేసినందుకు 2022లో ఆయనకు మొత్తం 45 వేల రూపాయలు చెల్లించమని ఉత్తర్వు వచ్చింది. 190కి లాప్‌టాప్ ఇమ్మనడం నాకైతే కొంచెం అత్యాశే అనిపిస్తుంది. అయినా ఆయన గెలవడానికి ఏడేళ్లు దాటింది.

నా మెషీన్ ఈ రెంటి లాంటిది కాదు. 17,500 సరుకు 14,990కి వస్తే అది తప్పని కొనేవాడికి ఎలా తెలుస్తుంది? పండగ సేల్ బోర్డులన్నీ నమ్మమనేది అదే కదా. నా ఫిర్యాదంతా ఈ మధ్యలో ఉన్న, నమ్మదగిన ధరల గురించే. ఇక్కడ ‘పొరపాటు’ అన్న మాట ఒక్కటే సాక్ష్యం. నిజంగా పొరపాటా, సేల్ ముగిశాక ఆ ధరకు గిట్టుబాటు కాలేదా అన్నది అమ్మినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ చూడండి. ఒక పక్షం మాత్రమే పొరపాటు పడిందన్న కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుండదని అందులో ఉంది. దీన్ని తప్పించుకోవడానికి సైట్ల నిబంధనల్లో ఒక వాక్యం పెట్టుకుంటారు: సరుకు పంపినప్పుడే మేం మీ ఆర్డర్‌ను అంగీకరించినట్టు. అంటే డబ్బు తీసుకుని, ‘కన్ఫర్మ్’ అని రాసి, ప్యాక్ చేసినా కూడా ఒప్పందమే పుట్టలేదు! కార్డులోంచి డబ్బు మాత్రం నిమిషంలో పోయింది.

ఇలా సరైన కారణం లేకుండా ఒకవైపే రద్దు చేసుకునే హక్కు రాసుకుంటే అది అన్యాయమైన ఒప్పందమని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. కానీ ఆ వాదన జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు చెల్లదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఐదు లక్షల లోపు కేసుకు జిల్లాలో ఫీజు లేదు, సంతోషం. 3,300 రూపాయల కోసం రాష్ట్ర కమిషన్ దాకా ఎవరు వెళ్తారండీ?

2020 ఈ-కామర్స్ నిబంధనల్లో 4(8) అని ఒకటుంది. సైట్లు ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు తాము కూడా అలాంటి ఛార్జీ భరిస్తేనే కొనుగోలుదారు దగ్గర రద్దు ఛార్జీ తీసుకోవాలని దాని సారం. చదవడానికి బాగుంది. కానీ సరుకు బయల్దేరక ముందు సైట్లు సాధారణంగా మా దగ్గర ఛార్జీ తీసుకోవు. కాబట్టి వాళ్లు రద్దు చేసినప్పుడు వాళ్లకూ సున్నాయే. నేను రద్దు చేస్తే వాళ్లకు పోయేది ఒక ప్యాకింగ్ అట్టపెట్టె. వాళ్లు రద్దు చేస్తే నాకు పోయింది సేల్ ధర, పాత మెషీన్, ఫీజు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, ఫిర్యాదు కంపెనీకి పంపారు. ‘రిఫండ్ చేశాం’ అని కంపెనీ జవాబిచ్చింది, ఫిర్యాదు ముగిసింది. హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదు, వాళ్ల తప్పు కాదు. సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆయనా రిఫండ్ రసీదే పంపాడు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. డబ్బు తీసుకున్నాక ధర తప్పని చెప్పడానికి అమ్మకందారుకు కొన్ని గంటల గడువివ్వండి, ఆరు గంటలనుకోండి. ఆ లోపు చెబితే డబ్బంతా, ఈఎంఐ ఫీజుతో సహా, అదే రోజు వెనక్కి పంపే పని మొదలుపెట్టాలి. గడువు దాటితే ఆ ధరకే ఇవ్వాలి, లేదా అదే సరుకు బయట కొనడానికి అయ్యే తేడా కట్టాలి. 190 రూపాయల లాప్‌టాప్ లాంటివాటికి మినహాయింపు ఉంచండి. ఏది అలాంటిదో తేల్చడానికి ఆ అమ్మకందారే అంతకుముందు నెలలో అదే సరుకును అమ్మిన ధరలు చూస్తే చాలు, అవి సైట్ దగ్గర ఎలాగూ ఉంటాయి. పొరపాటన్నవాడు ఆ లెక్క చూపించాలి, నేను కాదు. కొనేవాళ్లను మభ్యపెట్టే సైట్ల ఎత్తుగడలను ఆపడానికి తెచ్చిన 2023 డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ఒకటి చూపి ఇంకొకటి అంటగట్టడాన్ని ఇప్పటికే తప్పుగా చేర్చారు. ఒకే అమ్మకందారు ఒకే సేల్‌లో ఎన్ని ఆర్డర్లు ‘ధర పొరపాటు’ పేరుతో రద్దు చేశాడో సైట్లు మీ శాఖకు పంపేలా చేస్తే, ఎవరిది పొరపాటో ఎవరిది అలవాటో తెలిసిపోతుంది.

ఆ శనివారం రాత్రి ఆర్డర్ పేజీతో పాటు, మిగతా సైట్లలో ఆ మోడల్ ధర ఎంతుందో కూడా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే నా కేసు గట్టిగా ఉండేది. తీయలేదు. కన్ఫర్మ్ అయ్యాక కూడా సాక్ష్యాలు దాచుకోవాలని అప్పుడు తోచలేదు.

మెషీన్‌ను చివరికి మా ఊరి షాపులోనే 17,500కి కొన్నాను. షాపాయన ధర చెప్పాడు, డబ్బు తీసుకున్నాడు, ఆటోలో ఎక్కించాడు. ఆ 234 రూపాయల 82 పైసలు ఇంకా నా కార్డు స్టేట్‌మెంట్‌లోనే ఉన్నాయి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక కొనుగోలుదారు