ఊరు మారిన జిమ్ మెంబర్‌కి మిగిలిన నెలల డబ్బు ఎంత ఇస్తాం, ఎలా లెక్క కడతాం

"అన్నా, జనవరిలో ఇయర్లీ 12,000 కట్టాను. బెంగళూరులో జాబ్ వచ్చింది, మే తర్వాత రాలేదు. మిగిలిన ఏడున్నర నెలల డబ్బు 7,500 వెనక్కి ఇవ్వండి. డెస్క్‌లో అడిగితే నో రిఫండ్, ఫామ్‌లో ఉంది అన్నారు. నేను వాడని నెలలకి డబ్బు మీరెలా ఉంచుకుంటారు?"

తమ్ముడూ, నీ అకౌంట్‌లో ఈరోజు 6,450 రూపాయలు వేశాను. నువ్వు అడిగినదానికంటే 1,050 తక్కువ, ఎందుకు తగ్గిందో కింద రాస్తున్నా. నీ పేరు రాయకుండా, నువ్వు సరే అన్నాకే ఇది అందరికీ పెడుతున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు నలుగురు నన్ను కాకినాడలో రోడ్డు మీద ఆపి మరీ అడిగారు.

ముందు డెస్క్ దగ్గర జరిగినదాని గురించి. నీకు కాదన్న అబ్బాయి తప్పేం లేదు. జాయినింగ్ ఫామ్ వెనకవైపు కింద, సంతకం చేసే చోటికి పైన, చీమ తలకాయంత అక్షరాలతో "ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు, బదిలీ చేయబడదు" అని ఉంటుంది. జిమ్ పెట్టిన కొత్తలో వేరే జిమ్ ఫామ్ తెచ్చి ప్రెస్‌లో ఇస్తే వాళ్లు పేరు మార్చి అచ్చు వేసిచ్చారు, ఆ లైన్ కూడా అందులోనే వచ్చేసింది, నేను చదివి కూడా అలాగే ఉంచేశాను. అది నా తప్పు. ఆ ఫామ్‌లు నిన్నటితో ఆపేశాం.

ఇప్పుడు లెక్క. మన దగ్గర నెలకి 1,500, మూడు నెలలకి 3,600, ఆరు నెలలకి 6,600, ఏడాదికి 12,000. నువ్వు జనవరి 10న చేరావు, బయోమెట్రిక్‌లో నీ ఆఖరి పంచ్ మే 18 ఉదయం 6:12కి ఉంది. అంటే నాలుగు నెలలు నిండి, పైన 9 రోజులు. నువ్వు నెలకి వెయ్యి చొప్పున లెక్క వేసుకున్నావు, కానీ ఆ వెయ్యి రూపాయల రేటు ఏడాదంతా ఉంటారని ఇచ్చిన రేటు. నీ పక్కనే స్క్వాట్ ర్యాక్ దగ్గర చేసే కాలేజీ కుర్రాడు ఒకేసారి కట్టలేక నెలనెలా 1,500 ఇస్తున్నాడు, అవే నాలుగు నెలలకి అతను 6,000 కట్టాడు. నాలుగు నెలలు వాడిన మరొకరికి నేను 4,000 మాత్రమే పట్టుకుని మిగతాది ఇచ్చేస్తే, స్తోమత లేక నెలవారీ కట్టేవాళ్ల మీద భారం వేసినట్టే. పైగా అందరూ ఇయర్లీ కట్టి మధ్యలో మానేయడమే లాభం అవుతుంది.

అందుకని, నువ్వు మొదటి రోజే "నాలుగు నెలల 9 రోజులు చేస్తాను" అని వచ్చి ఉంటే ఎంత తీసుకునేవాళ్లమో అంతే పట్టుకున్నాం. మూడు నెలల ప్యాకేజీ 3,600, ఒక నెల 1,500, మిగిలిన 9 రోజులకి నెల రేటులోంచి రోజుకి 50 చొప్పున 450. మొత్తం 5,550. పన్నెండు వేలలో అది తీసేస్తే 6,450. దీని మీద క్యాన్సిలేషన్ ఛార్జీ అని, ప్రాసెసింగ్ అని ఇంకో రూపాయి కూడా కొయ్యలేదు, ఎవరికీ కొయ్యం.

ఈ లెక్కకి ఒక హద్దు ఉంది, అది కూడా ముందే చెప్పాలి. తొమ్మిది నెలలు వాడి వెళ్తే 6,600, 3,600 కలిపి 10,200 పోయి 1,800 వస్తుంది. పది నెలలు వాడితే చేతికొచ్చేది 300. పదకొండో నెల నిండితే లెక్క 12,000 దాటిపోతుంది కాబట్టి ఏమీ రాదు, అలాగని పైన కట్టమని మేం అడగం కూడా.

నాకు అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన అయింది తేదీ దగ్గర. నీ ఆఖరి పంచ్ మే 18, నాకు మెసేజ్ పెట్టింది జులై 6. మెసేజ్ తేదీ పట్టుకుంటే నీకు ఆరు నెలల రేటు పడి 5,400 మాత్రమే వచ్చేది. మా ట్రైనర్లు అలాగే చేయమన్నారు, చెప్పకుండా మానేసినవాళ్లకి రోజులు ఆగవు కదా అని. వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. రెండు నెలలు బద్ధకించి ఇంట్లో పడుకుని, తర్వాత వచ్చి "ఆ రెండు నెలలు నేను వాడలేదు" అనేవాళ్లు ఉంటారు, ఉన్నారు. కానీ నీ జాయినింగ్ లెటర్‌లో జూన్ 1 అని ఉంది, ఆఫీసు బెంగళూరు అని ఉంది. నువ్వు ఊళ్లో లేవు అన్నది కాగితం మీద కనబడుతున్నప్పుడు, నీ కోసం మేం ట్రెడ్‌మిల్ ఏమైనా ఖాళీగా ఉంచామా? లేదు. మాకు ఖర్చు కూడా ఏం కాలేదు. కాబట్టి ఊరు మారినట్టు ఆఫర్ లెటరో, ట్రాన్స్‌ఫర్ ఆర్డరో, కొత్త ఇంటి అద్దె అగ్రిమెంటో, కాలేజీ అడ్మిషనో ఏదో ఒకటి చూపిస్తే ఆఖరి పంచ్ తేదీ నుంచి లెక్క. కాగితం లేకపోతే మాకు చెప్పిన తేదీ నుంచి. అంతకంటే మంచి పద్ధతి నాకు తట్టలేదు.

నాతో మాట్లాడినప్పుడు నువ్వు కన్స్యూమర్ కేసు గురించి కూడా అన్నావు, కోపంలో అన్నావని తెలుసు, కానీ ఆ విషయం అందరికీ తెలియాల్సిందే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నువ్వు కేసు వేయడానికి కాకినాడ రానక్కర్లేదు, ఇప్పుడు ఉంటున్న బెంగళూరులోనే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు. దానికి ముందు 1915కి ఫోన్ చేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ వాళ్లు వ్యాపారితో మాట్లాడి సెటిల్ చేయడానికి చూస్తారు. ఒకవైపుకే అనుకూలంగా రాసుకున్న షరతుల్ని అన్యాయమైన కాంట్రాక్ట్ అని ఆ చట్టం అంటుంది, కాబట్టి ఫామ్ మీద "నో రిఫండ్" అని అచ్చు వేసినంత మాత్రాన మా పని అయిపోదు. అయితే రెండోవైపు కూడా చూడాలి. జిమ్ మేమే మూసేసినా, పదిహేను కిలోమీటర్ల అవతలకి మార్చేసినా, చెప్పిన ఏసీ, మెషీన్లు లేకుండా చేసినా అది సేవాలోపం, అప్పుడు మిగిలిన రోజులకి నెలకి వెయ్యి చొప్పున పూర్తిగా అడగడం మీ హక్కు, డిస్కౌంట్ మాట మేం ఎత్తకూడదు. మేం తెరిచే ఉండి, మీ కారణంతో మీరు వెళ్లినప్పుడు పూర్తి డబ్బు వచ్చి తీరుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. నీ సంగతి ఈ రెండోది. అందుకే రేటు తేడా పట్టుకున్నాను.

మరి ఇన్నాళ్లూ ఎందుకు ఇవ్వలేదు అంటే, ఇవ్వడానికి డబ్బు ఉండేది కాదు కాబట్టి. ఇది చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా మీ డబ్బు గురించే కాబట్టి చెప్పాలి. ఈ జనవరిలో 41 మంది ఇయర్లీ కట్టారు, 4,92,000 వచ్చింది. అందులో కొంత రెండు కొత్త ట్రెడ్‌మిల్స్‌కి అడ్వాన్స్ ఇచ్చాం, కేబుల్ మెషీన్ పుల్లీలు, తాడు మార్పించాం, పెరిగిన అద్దెకి తగ్గట్టు బిల్డింగ్ ఓనర్‌కి అడ్వాన్స్ పెంచాం. మార్చి వచ్చేసరికి అకౌంట్‌లో ఏమీ మిగల్లేదు. అంటే డిసెంబర్‌లో మీరు చేయబోయే వర్కవుట్ డబ్బు కూడా మార్చికే ఖర్చయిపోయింది. అప్పుడు ఎవరైనా రిఫండ్ అడిగితే ఆ నెల కొత్తగా చేరినవాళ్ల డబ్బులోంచి తీసి ఇవ్వాలి, లేదా ట్రైనర్ జీతం ఆపాలి. అందుకే నోరు తెరిస్తే ఫామ్ చూపించేవాళ్లం. పన్నెండు వేలు కట్టినరోజు అందులో మాది అయ్యేది రోజుకి 33 రూపాయలే అన్న సంగతి నేను ఇన్నేళ్లూ లెక్కలోకి తీసుకోలేదు. ఈ నెల నుంచి ఇయర్లీ డబ్బుకి వేరే అకౌంట్ తెరిచాం, ప్రతి నెలా అందులోంచి పన్నెండో వంతు మాత్రమే ఖర్చులకి తీస్తాం. కొత్త మెషీన్లు కొంచెం ఆలస్యంగా వస్తాయి, దానికి మీరు ఓపిక పట్టాలి.

జీఎస్టీ పోతుందని కొందరు అనుకుంటున్నారు, పోదు. జిమ్ ఫీజు మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం తగ్గి 5 శాతం అయింది, నీ 12,000లో ఆ 5 శాతం కలిసే ఉంది. నీకు వచ్చిన 6,450లో కూడా దాని వాటా 307 రూపాయల చిల్లర ఉంది. మేం బిల్లు తగ్గించినట్టు నీ పేరున క్రెడిట్ నోట్ అనే కాగితం ఇచ్చి ఆ పన్ను మా రిటర్న్‌లో తగ్గించుకుంటాం, జనవరి బిల్లు కాబట్టి ఈ నవంబర్ 30 లోపు చేస్తే చాలు. కాబట్టి "ట్యాక్స్ కట్టేశాం, అది రాదు" అని ఎక్కడైనా ఎవరైనా అంటే నమ్మకండి, క్రెడిట్ నోట్ అడగండి. ఈఎంఐలో కట్టినవాళ్లకి మాత్రం ఒక జాగ్రత్త: మేం డబ్బు ఇచ్చినంత మాత్రాన మీ లోన్ ఆగదు. బ్యాంక్‌తో మాట్లాడి క్లోజ్ చేసుకునేదాకా వాయిదాలు కడుతూనే ఉండండి, లేకపోతే సిబిల్ దెబ్బతింటుంది.

రిఫండ్ వద్దు అనుకుంటే ఇంకో దారి పెట్టాం. మిగిలిన రోజులన్నీ మీ ఇంట్లోవాళ్లకో ఫ్రెండ్‌కో రాసిచ్చేయొచ్చు, అప్పుడు రేటు తేడా కూడా కొయ్యం. నీ ఏడు నెలల 22 రోజులు అలాగే ఇంకొకరికి వెళ్లేవి. నిన్ను అడిగాను, నాకు ఇక్కడ ఎవరూ లేరన్నా, అమ్మానాన్న కూడా నాతో వచ్చేశారు అన్నావు. సరే, డబ్బే ఇచ్చాం.

నీ తర్వాత పాత రిజిస్టర్ తీసి చూశాను. పోయిన ఏడాది ఊరు మారి డబ్బు అడిగినవాళ్లు, మేం కాదన్నవాళ్లు ముగ్గురు ఉన్నారు. ఇదే లెక్కతో వాళ్లకీ ఇస్తాం. ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను, ఒకరిది వచ్చే సోమవారం, ఇంకొకరిది నెలాఖరుకి వేస్తాను. మూడో ఆవిడ పెళ్లయి గుంటూరు వెళ్లారు, ఉదయం బ్యాచ్‌లో జుంబా చేసేవారు, ఆవిడకి 3,900 రావాలి. ఇచ్చిన నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదు. ఆ బ్యాచ్‌వాళ్లు ఎవరికైనా ఆవిడ ఎవరో గుర్తుంటే నా నంబర్ ఆవిడకి ఇచ్చి ఒకసారి ఫోన్ చేయమనండి.