మన ఊరి సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది కాలువ గట్టు వీధిలో డ్రైను పూడిక తీయించాం, శ్మశానం దారికి గ్రావెల్ పోయించాం. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం కాబట్టి వాటి సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. ఈసారి ఎక్కువ చోటు జూన్‌లో, నాట్లకు ముందు, హైస్కూల్లో పెట్టిన వైద్య శిబిరానికే. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు రక్తహీనత గురించి చెప్పిన మాటలు కాగితం మీద కావాలని అడుగుతూనే ఉన్నారు. మాట్లాడింది మన సంఘ సభ్యురాలే, స్టాఫ్ నర్సుగా రిటైరయ్యారు. ఆవిడ చెప్పింది దాదాపు ఆవిడ మాటల్లోనే:

“అక్కలూ, పిన్నిగార్లూ! వేలు గుచ్చి చూశాక మీ చేతికిచ్చిన చీటీ మీద ఒక అంకె ఉంది చూశారా? అది హిమోగ్లోబిన్. మనలాంటి ఆడవాళ్ళకు 12 ఉండాలి, కడుపుతో ఉన్నవాళ్ళకు 11 ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత. అంటే ఒంట్లో రక్తం ఇంకిపోయిందని కాదండీ. గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకెళ్ళే ఎర్ర పదార్థం తగ్గిందని. అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. నెలసరికి కొంత పోతుంది, కాన్పులకు కొంత పోతుంది. మలం కలిసిన తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగు పిల్లలు పాదాల చర్మంలోంచి దూరి, పేగుకు అతుక్కుని రక్తం తాగుతాయి. ఆ పోయేది కంటికి కనబడదు.

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరగడం మీకు తెలిసినవే. పచ్చి బియ్యమో బలపమో నమలాలనిపించడం కూడా చాలాసార్లు ఇనుము తగ్గిన గుర్తే. కోడలు బియ్యం డబ్బా ఖాళీ చేస్తోందని తిట్టేముందు ఆ చీటీ అడగండి.

ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. రక్తం తక్కువని తేలినవాళ్ళకు సాధారణంగా రోజుకు రెండు రాస్తారు. గర్భిణికి 7 కంటే తగ్గితే బిళ్ళలతో కూర్చోకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే.

బిళ్ళని టీతో వేసుకోకండి. టీలోని వగరు ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వదు. ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం బిళ్ళ కూడా కలిపి వద్దు, రెండు గంటల తేడా ఉంచండి. నిమ్మరసమో, జామకాయ ముక్కో తోడైతే మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, మిగిలిన ఇనుము అలా పోతుంది. పరగడుపున బాగా పడుతుందిగానీ చాలామందికి వికారం పుడుతుంది. అలాంటివాళ్ళు రాత్రి అన్నం తిన్న గంటకి వేసుకుని పడుకోండి. బిళ్ళల్ని మాత్రం పిల్లలకు అందని చోట పెట్టండి. ఎర్రగా ఉన్నాయని చాక్లెట్లనుకుని మింగితే ప్రాణం మీదికొస్తుంది.”

ప్రసంగం అక్కడితో అయింది. దాని తర్వాత జరిగినదే మాకు ఎక్కువ నేర్పింది. నాట్ల కూలికి వెళ్ళే ఒకావిడకి శిబిరంలో 8.6 వచ్చింది. డాక్టరుగారు రోజుకు రెండు బిళ్ళలు రాశారు. నెల తర్వాత మళ్ళీ చూస్తే 8.9. వేసుకున్నవాళ్ళకు నెలలో కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే బిళ్ళ లోపలికి పోవడం లేదనో, పోయినా ఒంటికి పట్టడం లేదనో, రక్తం ఎక్కడో కారుతోందనో అనుమానించాలి. ఏఎన్ఎం గారు ఆవిడ పక్కన కూర్చుని అడిగితే సంగతి బయటపడింది. తెల్లారుజామున చేలోకి వెళ్తూ టీతో రెండూ ఒకేసారి మింగేది. విరేచనం నల్లబడేసరికి పేగులో రక్తం పడుతోందని హడలిపోయి మానేసింది, పైకి మాత్రం “వేసుకుంటున్నానండీ” అనేది. తిట్టి ఉంటే ఆ మాట ఎప్పటికీ చెప్పేది కాదని మా నమ్మకం.

పొలం దగ్గర మధ్యాహ్నం తిన్నాక ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి అని మార్చారు. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చారు. నెలసరి మరీ ఎక్కువగా పోతోందా అని కూడా అడిగారు, అదేం లేదు. మరుసటి నెలకి 10.2, దసరా దాటేసరికి 12.1.

అప్పుడే ఆవిడ మళ్ళీ మానేయబోయింది. చాలామంది అక్కడే ఆపేస్తారు. కల్లం నిండినా గాదె ఇంకా ఖాళీగానే ఉన్నట్టు, రక్తంలో అంకె సరిపోయినా ఒంట్లో ఇనుము నిల్వ తయారుకాదు. అందుకని డాక్టరుగారు మరో మూడు నెలలు కొనసాగించమన్నారు. అయితే బిళ్ళ అందరికీ జవాబు కాదు. సరిగ్గా వేసుకున్నా అంకె కదలకపోతే తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బో, బి12 లోపమో ఉండొచ్చు. అప్పుడు పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలి గానీ బిళ్ళల సంఖ్య పెంచకూడదు.

తోటకూర, మునగాకు తింటే చాలదా అని శిబిరంలో చాలామంది అడిగారు. తినమన్నాం. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ, చేపల్లో, మాంసంలో ఉన్నది అంతకంటే బాగా పడుతుంది. కానీ 8.6ని 12కి తేవడం కూరతో అయ్యే పని కాదు.

వచ్చే ఏడాదికి కమిటీ రెండు తీర్మానాలు చేసింది. శిబిరం మే నెలలోనే, కాలువలు కట్టేసి పనులు లేని రోజుల్లో పెట్టాలి. ఒక్కసారి చూసి వదిలేయకుండా, తక్కువ వచ్చినవాళ్ళందరికీ నెల తర్వాత రెండో పరీక్ష చేయించాలి. నాట్ల రోజుల్లో కూలి పోతుందని జనం రారు కనుక, ఆ రెండో పరీక్ష సాయంత్రం ఆరు తర్వాత రామాలయం దగ్గర పెట్టాలని ఏఎన్ఎం గారిని అడిగాం. ఆవిడ సరేనన్నారు.